మందు మానిన నెలకు

మందు మానిన నెలకు, పొద్దున మంచం దిగగానే కళ్లు తిరిగి గోడ పట్టుకున్నాను. అప్పటికి నిద్ర బాగా పడుతోంది, చిరాకు తగ్గింది. మరి ఇదేమిటి? చస్తానేమోనని చెమటలు పట్టాయి.

"ఒక్కసారే బంద్ చేస్తే గిట్లనే అయితది. జర కల్లు తాగు, సర్దుకుంటది" అని బావ గ్లాసు చాపాడు. నా భార్య దాన్ని లాక్కుని పారబోసి, నన్ను చొప్పదండి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది.

ఆమె కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసింది. స్కానింగ్ తీయించింది. "లివర్ల కొవ్వు తగ్గింది, బీపీ దిగింది. బీపీ గోళీలు మాత్రం తాగిననాటి లెక్కనే మింగుతున్నవ్" అని డోసు సగానికి తగ్గించింది.

వారంలో కళ్లు తిరగడం పోయింది. నన్నింకా వణికించేది అది కాదు. బావ గ్లాసు చాపగానే నా చెయ్యి ఎంత సంబరంగా ముందుకెళ్లిందో, అది.