నీలిచుక్క కోన్లు

మా మిల్లులో వైండింగ్ సెక్షన్ అంటే ఆడవాళ్ల రాజ్యం. స్పిన్నింగ్ నుంచి చిన్న కండెల మీద వచ్చే నూలును పెద్ద కోన్ల మీదకు చుట్టడం మా పని. దారం తెగితే రెండు కొసలూ పట్టుకుని ముడి వేయాలి. ముడి సన్నగా, గట్టిగా ఉండాలి. లావు ముడి పడిందా, అది ఎక్కడో నేసేవాడి మగ్గం మీద పుటుక్కున తెగుతుంది, వాడు మమ్మల్ని నోటికొచ్చినట్టు తిడతాడు. అందుకని ఎవరు చుట్టిన కోన్ ఎవరిదో తెలిసేలా ఒక్కొక్కరికి ఒక్కో గుర్తు ఇచ్చాం. కోన్ లోపలి అంచున రంగు చాక్‌తో ఒకామె రెండు ఎర్రగీతలు గీసేది, ఒకామె పచ్చ ఇంటూ, ఒకామె నీలిచుక్క. పేర్లు మరిచిపోయి గుర్తులతోనే పిలుచుకునేవాళ్లం.

నేను ఆ సెక్షన్‌కు మేస్త్రీని. నా నోరు పెద్దదని మిల్లంతా అనేవారు. అంత మిషన్ల చప్పుడులో చిన్న నోరు పెట్టుకుని ఏం చేయను?

ఎనభైల మొదట్లో నూలు అమ్ముడుపోక గోదాములు నిండిపోయాయి. దానికి తోడు కరెంటు కోతలు. మిల్లు మనుషులను తగ్గించింది. చివర చేరినవాళ్లను ముందు పంపాలన్నది రూలు. అట్లా పని పోయినవాళ్లలో నీలిచుక్క ఒకతె. ఆమె కంటే ఒక్క రోజు ముందు చేరిన ఎర్రగీతలు మిగిలింది. ఇద్దరూ ఒకే వాడవాళ్లు, ఒకే తొవ్వన డ్యూటీకి వచ్చేవాళ్లు.

మిగిలినవాళ్లు సంతోషించాలి కదా అనుకున్నారు ఆఫీసువాళ్లు. సంతోషమా! కోన్లను తిప్పే డ్రమ్ముల్లో పోయినవాళ్లవి కూడా వీళ్ల నెత్తిన పడ్డాయి. ఒక దగ్గర ముడి వేసేలోపు నాలుగు చోట్ల దారం తెగి కోన్లు ఉత్తగా తిరిగేవి. అన్నం గంట కొట్టగానే గుండ్రంగా కూర్చుని ఒకరి గిన్నెలో ఒకరు చేయి పెట్టే ఆడవాళ్లు ఎవరి మూల వాళ్లు చూసుకున్నారు. నేను ఎవరి దగ్గర ఆగినా వాళ్లు తల వంచుకుని దారం కొస వెతుక్కునేవాళ్లు. నిన్నటిదాకా నాతో ఎకసెక్కాలాడినవాళ్లు నన్ను చూసి భయపడడం నాకు చెప్పుతో కొట్టినట్టే ఉండేది.

రెండు నెలలయ్యాక, సోలాపూర్‌లో మా నూలు కొనే వ్యాపారి దగ్గర నుంచి సరుకు వెనక్కి వచ్చింది. అన్నీ లావు ముడులు. మేనేజర్ సారు ఒక కోన్ తిప్పి నాకు చూపించాడు. లోపల నీలిచుక్క.

"ఈమె మిల్లులో లేదు కదమ్మా! మరి ఈ కోన్ ఎవరు చుట్టారు? నాకు పేరు కావాలి."

నాకు వెంటనే అర్థమైంది. ముడి పాడైతే తనను కూడా తీసేస్తారని భయపడి ఎవరో పోయినదాని గుర్తు పెట్టారు. లేనిదాన్ని మళ్లీ ఎవరు తీస్తారు? కడుపు మండిపోయింది. పేరు కనిపెట్టడం నాకు చిటికెలో పని, ఎవరి ముడి ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. కానీ పేరు చెప్పానంటే ఆ సెక్షన్‌లో ఇంకెవరూ నాకు నిజం చెప్పరు. "వారం ఆగండి సార్" అని వచ్చేశాను.

అన్నం గంటకు అందరి మధ్యా ఆ కోన్ పెట్టాను. "ఎవరో నాకు చెప్పకండ్రి. ఆదివారం నీలిచుక్క ఇంటికి పోతాన. వచ్చేటోళ్లు రాండ్రి. చెప్పేదేదన్న ఉంటే ఆమెకే చెప్పుకోండ్రి."

ఇద్దరో ముగ్గురో వస్తారనుకున్నాను. దాదాపు అందరూ వచ్చారు. అప్పటిదాకా బజార్లో ఆమె ఎదురైతే పక్క గల్లీలోకి తప్పుకున్నవాళ్లే వాళ్లంతా. నీలిచుక్క అరుగు మీద బీడీలు చుడుతోంది. లేవలేదు.

"ఏందే, తొవ్వ దొరికిందా ఇయ్యాల?"

ఎర్రగీతలు ముందుకు వచ్చి ఆమె పక్కన కూలబడింది. "అక్కా, ఒక్క రోజు ముందల చేరిన పాపానికి నేనున్న, నువ్వు పోయినవ్. నీ మొఖం చూడనీకి నాకు ధైర్యం లేకపాయె. ఇంక నేనేం చేసిన్నో ఎరికేనా? ముడి కరాబైన కోన్ మీద నీ చుక్క పెట్టిన."

వెనక నుంచి ఇంకొకామె అంది, "నేను గూడ పెట్టిన." ఆ వెంటనే మరొకామె. ఎవరికి వాళ్లు తానొక్కతే ఆ పని చేసిందనుకుని లోలోపల కుమిలిపోతున్నారన్నమాట!

నీలిచుక్క చేతిలోని బీడీ ఆకు కింద పడేసింది. "నౌకరి పోయింది, నసీబు అనుకున్న. అండ్ల మీ తప్పేం లేదు. గానీ, పని లేనిదాన్ని, నా పేరన్న మంచిగ ఉండనియ్యరాదుండ్రే? రేపు మళ్ల పిలిస్తే నేను ఏ మొఖం పెట్టుకొని రావాలె?"

ఎర్రగీతలు వెక్కి వెక్కి ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోలేదు. కాసేపటికి నీలిచుక్కే లేచి అందరికీ నీళ్లిచ్చింది.

సోమవారం మేనేజర్ గదికి వెళ్లాను. "పేరు అడిగారు కదా సార్, పేరు భయం. దాన్ని తీసేయండి" అన్నాను. ఆయనకు కోపం వచ్చింది. నాకు అంతకంటే ఎక్కువే వచ్చింది. ఉన్న చేతులకు సరిపడా మిషన్లే నడపమన్నాను. వెనక్కి వచ్చిన నూలును కూలి ఇచ్చి, కరెంటు కాల్చి మళ్లీ చుట్టించడం కంటే కొన్ని మిషన్లు ఆపడమే మేలని వాదించాను. "ఇంకా ఎవరినైనా తీస్తారా?" అని అడిగితే "చెప్పలేను" అన్నాడు. "అయితే ఆ మాటే వాళ్ల ముందు చెప్పండి, సగం ప్రాణం కుదుటపడుతుంది" అన్నాను.

మెచ్చుకోవాలి, మర్నాడే వచ్చి మిషన్లు ఆపించి మాట్లాడాడు. ఇంకెవరినీ తీయమని ఒట్టు వేయలేనన్నాడు. తీయాల్సి వస్తే గాలి కబురుగా కాక ముందు తన నోటే వింటారన్నాడు. ఖాళీ వస్తే మొదటి పిలుపు పోయినవాళ్లకే. మూడు మిషన్లు ఆ రోజు నుంచే ఆగుతాయి. పాడైన కోన్‌ను ఎవరికి వారే తెచ్చి నా బల్ల మీద పెడితే ఎవరి మీదా చర్య ఉండదు.

అందరూ తలలూపారు. నమ్మలేదు. వారం గడిచినా నా బల్ల మీదకు ఒక్క కోన్ రాలేదు. పని కొంచెం తేలికైంది, తిండి దగ్గర మళ్లీ ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చుంటున్నారు. కానీ ఆ బల్ల దగ్గరికి వచ్చే గుండె ఎవరికీ లేదు. నేను తొందరపెట్టలేదు. చెప్పిన మాట నిలబడుతుందో లేదో వాళ్లు చూస్తున్నారు, చూడనీ అనుకున్నాను.

ఆ తర్వాత ఒకనాడు సోలాపూర్ వ్యాపారే సెక్షన్ చూడటానికి వచ్చాడు. మేనేజర్ సారు ఆయన పక్కన నిలబడి మా పని గొప్పగా చెబుతున్నాడు. సరిగ్గా అప్పుడే ఎర్రగీతలు తన మిషన్ దగ్గర నుంచి కదిలింది. చేతిలో కోన్. నేను కళ్లతోనే ఆగమన్నాను. ఆగలేదు. వచ్చి నా బల్ల మీద పెట్టింది.

"అక్కా, ఇది కరాబైంది. నాదే." లోపల రెండు ఎర్రగీతలు.

వ్యాపారి దాన్ని తీసి, ముడి మీద గోరుతో గీకి చూశాడు. "ఇట్లాంటివే కదా మాకు పంపారు" అన్నాడు. మేనేజర్ ముఖం కందగడ్డ అయింది. మిషన్లు తిరుగుతూనే ఉన్నాయి కానీ ప్రతి ఒక్కరి చూపూ ఆయన మీదే ఉంది.

"అప్పుడు పంపాం," అన్నాడు ఆయన చివరికి. "ఇప్పుడు ఇక్కడే ఆగింది." కోన్ తీసి ఎర్రగీతల చేతికిచ్చాడు. "మళ్లీ చుట్టమ్మా."

ఆమె కదలలేదు. "సార్, మరి నా నౌకరి?"

"నీ నౌకరి అక్కడ దారం తెగి ఉత్తగా తిరుగుతోంది. పో."

ఎర్రగీతలు పరుగు లాంటి నడకతో వెళ్లిపోయింది. ఆయన వ్యాపారిని తీసుకుని తలుపు దాటాడో లేదో, పచ్చ ఇంటూ వంగి తన మిషన్ కింది నుంచి పాడైన కోన్ ఒకటి తీసింది. ఆ పక్కామె తట్టలో అడుగున దాచినదాన్ని తీసింది. ఆ పూట నా బల్ల మీద చోటు చాలక కొన్నింటిని ఒళ్లో పెట్టుకున్నాను. ఒక్కదాని మీద కూడా నీలిచుక్క లేదు.