ఓడ రంగు పట్టిన కిటికీ

డెబ్బైల చివర్లో మేం వన్ టౌన్‌లో ఒక మేడ మీద వాటాలో అద్దెకుండేవాళ్లం. దొరల కాలం నాటి ఇల్లు. గదికి ఉన్నదొకటే కిటికీ. దానికి రెక్కలుండవు, కింది అద్దాల చట్రాన్ని పట్టుకుని పైకెత్తాలి. ఎత్తాలి అంటున్నాను గానీ, మేం దిగినప్పటి నుంచీ అది కదిలిన పాపాన పోలేదు.

అదంతా ఇంటాయన చలవే. హార్బర్‌లో ఓడలకు రంగులేసి రిటైరై భీమిలిలో ఉంటున్నాడు. ప్రతి క్రిస్మస్‌కీ వచ్చి ఇంటికి తనే రంగు వేసేవాడు, అదీ ఓడలకు వేసే చిక్కటి రంగు. పాతది గీకడమన్నది ఆయన ఇంటా వంటా లేదు. పొర మీద పొర పడి చట్రమూ దాని చుట్టూ ఉన్న కిటికీ బంధమూ ఒకే చెక్కలా అతుక్కుపోయాయి.

మా ఇద్దరికే అయితే ఎలాగో సర్దుకునేవాళ్లం. ఎలమంచిలి దగ్గర ఊళ్లో మా అత్తగారు కాలు విరగ్గొట్టుకుంటే వైద్యానికని మా దగ్గరికి తెచ్చాం. కట్టు విప్పేశారు, కర్ర పట్టుకుని గదిలో నడుస్తోంది గానీ మెట్లు దిగలేదు. పుట్టి బుద్ధెరిగాక అరుగు మీద గాలికి తప్ప పడుకోని మనిషి. "పెట్టెలో పెట్టీసినట్టుంది నాకు. గాలాడనికాడ నానుండలేను" అని పెద్దకొడుక్కి కబురు పెట్టింది. ఆదివారం వచ్చి తీసుకెళతానన్నాడాయన.

నేను తల్లి లేకుండా పెరిగినదాన్ని. బడిలో పాఠాలు చెప్పి ఇంటికొస్తే "తిన్నావేటి పిల్లా?" అని అడిగే గొంతు జీవితంలో మొదటిసారి విన్నాను. దాన్ని ఒక కిటికీ కోసం పోగొట్టుకోమంటే నా వల్ల కాదు.

గోడకు మేకు కొట్టాలన్నా తనకో ముక్క రాయాలని ఇంటాయన మొదట్లోనే చెప్పాడు. సరే, రాశాను. ఇది ఇల్లా, సీసాలో పెట్టిన ఓడా అని నేను రాసిన మొదటి చీటీని మావారు చదివి చింపేశారు. రెండోది ఒద్దికగా రాశాను: "మేడ మీది కిటికీ రంగుతో అతుక్కుపోయి తెరుచుకోవడం లేదు. అద్దం పగలకుండా, చెక్క చెదరకుండా, చట్రం చుట్టూ అంచున రంగు మాత్రం కోసుకోవడానికి అనుమతి ఇప్పించండి. ఆ అంచుకు మళ్లీ మేమే రంగు వేయిస్తాం. మా అత్తగారికి గాలి లేక ప్రాణం విసుగెత్తుతోంది."

మా సందులో ఉండే భీమిలి బస్సు కండక్టరు చేతికిచ్చి పంపాను. సాయంత్రానికి నోటిమాటగా జవాబొచ్చింది. నేనొచ్చేదాకా చాకు పెట్టొద్దు, ఆదివారం ప్రార్థన అయ్యాక వస్తాను. నాకు ఒళ్లు మండింది. వచ్చి కాదంటాడు, అంతే కదా అనుకున్నాను.

తెల్లబట్టల్లో, చేతిసంచితో వచ్చాడు. తన రంగు మీద వేరేవాళ్ల చాకు పడటం ఆయనకిష్టం లేదట, అందుకని తనే కోస్తాడట! పల్చటి చాకుతో చట్రం చుట్టూ మెల్లగా గీత కోశాడు. చిన్న చెక్కముక్క ఆనించి సుత్తితో అంచులన్నీ తట్టాడు. మావారూ ఆయనా కలిసి ఎత్తారు. ఊహూ. ఈలోగా మా బావగారు వచ్చి ట్రంకుపెట్టె సర్దడం మొదలెట్టారు.

మంచం మీద నుంచి అత్తగారు నింపాదిగా అడిగింది. "బయట కూడా నువ్వే ఏసీసావేటి బాబూ?"

ఇంటాయన నాలిక కరుచుకున్నాడు. నిచ్చెన వేసుకుని ఎక్కి మరీ వేశాడాయె. మళ్లీ నిచ్చెనొచ్చింది. మావారు కింద పట్టుకుంటే ఆయన బయటి అంచులూ కోశాడు. లోపలికొచ్చి ఇద్దరూ మళ్లీ ఎత్తారు. ఫెళ్లుమంది. రంగు పెచ్చులు రాలి ఆయన తెల్లచొక్కా నిండా పడ్డాయి. చట్రం లేచింది, సముద్రపు గాలి ఒక్క ఊపున గదిలోకొచ్చి క్యాలెండరును ఎగరగొట్టింది. నేను సిగ్గు విడిచి చప్పట్లు కొట్టాను.

చేతులు వదలగానే అది దబ్బున జారింది. మావారు పట్టుకోబట్టి అద్దం బతికింది. చట్రాన్ని పైన నిలిపే తాళ్లు లోపలే ఎప్పుడో చివికిపోయాయట. కొత్తవి వేయిస్తాను, అందాకా ఏదైనా ఊతం ఇవ్వండన్నాడు ఇంటాయన. ఇల్లంతా వెతికాను. చీపురు నుంచి అప్పడాల కర్రదాకా పెట్టి చూశాం, ఏదీ ఆగలేదు.

అత్తగారు తన చేతికర్ర చాచింది. కొలిచి చేసినట్టు సరిపోయింది.

బావగారు పెట్టె మూసి, బండికి టైమవుతోంది, లేమ్మా అన్నారు. ఆవిడ గాలికి చెదిరిన జుట్టును ముడేసుకుంటూ ఆయన వైపయినా చూడలేదు.

"కర్ర కిటికీకిచ్చీసాను గదా, ఎలా నడుత్తాను? నువ్వెల్లిరా నాయినా."

తర్వాతి వారం ఇంటాయన కొత్త తాళ్లు పట్టుకుని వస్తే, ఇప్పుడంత తొందరేటని ఆవిడే వెనక్కి పంపేసింది. మంచం దిగాలన్నప్పుడల్లా నా భుజం పట్టుకునేది.