మరో బడి తాళం

రెండువేల సంవత్సరం దాటాక కొన్నేళ్ళు నేనూ నా భాగస్వామీ బహదూర్‌పురాలో ఒక జిరాక్స్ దుకాణం పైగదిలో ఉండి ప్రైవేటు బడులకు సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ళం. నేను కోస్తా నుంచి వచ్చినవాణ్ణి, అతను పాతబస్తీలోనే పుట్టి పెరిగినవాడు. పదకొండు బడులకు ఒకే ప్రోగ్రామ్, ఒకే డేటాబేస్. అందులో ప్రతి వరుసకూ, అంటే ఒక్కో మనిషి వివరాలకూ, అది ఏ బడిదో చెప్పే నంబరు ఉండేది. ఏది వెతికినా ముందు ఆ నంబరు సరిపోవాలి. ఒక బడి కరస్పాండెంట్ తన టీచర్లను చేర్చుకోవచ్చు, తీసేయవచ్చు, వాళ్ళ పాస్‌వర్డ్ మార్చవచ్చు. పక్క బడి వాళ్ళు ఆయనకు కనిపించకూడదు. ఈ మాట చెప్పి పదకొండు బడులకు అమ్మాను. చెప్పేటప్పుడు గొంతులో గర్వం ఉండేదని ఒప్పుకోవాలి.

ఆ గర్వమే కొంప ముంచింది. ఆ గల్లీల్లో చాలామంది టీచర్లు పొద్దున ఒక బడిలో, మధ్యాహ్నం ఇంకో బడిలో చెప్పేవారు. "ఒక్క మనిషి పేరూ అడ్రసూ ఎన్నిసార్లు కొట్టాలె?" అని ప్రతి కరస్పాండెంటూ విసుక్కునేవాడు. ఒకరోజు నేను గంటలో ఒక సదుపాయం చేసిపెట్టాను. కొత్త టీచర్ ఫారంలో ఫోన్ నంబరు కొట్టి 'వెతుకు' నొక్కితే, ఆ నంబరుతో ఆఖరున నమోదైన పేరు, అడ్రసు, చెప్పే క్లాసు, చేరిన తేదీ వాటంతటవే వచ్చి కూర్చునేవి. అన్ని బడుల్లోంచీ తేవాలి కదా అని బడి నంబరు షరతు తీసేశాను.

"అన్నా, గిట్ల చేస్తే వేరేటోళ్ళది గూడ కనవడదా?" అన్నాడు నా భాగస్వామి.

"ఫోన్ నంబరు తెలిసినవాడికేగా" అని కొట్టిపారేశాను. నంబరు తెలిసినవాడితోనే కదా ప్రమాదం! ఆ సంగతి అప్పుడు బుర్రకెక్కలేదు.

నెల తర్వాత కిషన్‌బాగ్‌లో ఒక బడికి వెళ్ళాను. టీసీలు ప్రింటవడం లేదని ఆ కరస్పాండెంట్ పిలిచాడు. కంప్యూటర్ సొంతంగా నేర్చుకున్న మనిషి. వెళ్ళేసరికి కుర్చీలో వెనక్కి వాలి నవ్వుతున్నాడు.

"సార్, మీ సాఫ్ట్‌వేర్ మస్తుంది. చూడు ఏం కనిపెట్టిన్నో."

కొత్త టీచర్ ఫారం తెరిచి, తన లెక్కల మాస్టారి ఫోన్ నంబరు కొట్టి, 'వెతుకు' నొక్కాడు. మాస్టారి పేరు కింద మరో బడి క్లాసు, ఈ ఏడాది చేరిన తేదీ వచ్చాయి.

"నా దగ్గర జీతం, వేరే బడిల పాఠం! ఇయాల అందరివీ చూస్త" అంటూ స్టాఫ్ రిజిస్టర్ తెరిచాడు.

ఆయన భుజం మీంచి తొంగిచూశాను. ఆ రిజిస్టర్లో ఏడో పేరు తెలుగు టీచరుది. మా ప్రాంతం మనిషి. ఈమధ్యే జల్‌పల్లిలో మా సాఫ్ట్‌వేరే వాడే ఒక బడికి వెళ్ళినప్పుడు మధ్యాహ్నం షిఫ్టులో ఆమె కనిపించి, బతిమాలినట్టు చెప్పింది: "కిషన్‌బాగ్‌లో చెప్పకండి సార్. నా ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ ఆయన బీరువాలో ఉన్నాయి." అక్కడ అదే పద్ధతి. ఉద్యోగంలో చేరేటప్పుడు డిగ్రీ, బీఎడ్ ఒరిజినల్స్ బడికి అప్పగించాలి. వేరేచోట చెబుతున్నారని తెలిస్తే ఆ కాగితాలు ఏడాది తిరిగినా చేతికి రావు. డీఎస్సీలో ఆమెకు ర్యాంకు వచ్చింది. సోమవారం సర్టిఫికెట్ల పరిశీలన. శనివారం ఇస్తానని ఆయన ఒప్పుకున్నాడు. ఆరోజు గురువారం.

ఫోన్ వచ్చినట్టు నటిస్తూ వరండాలోకి వెళ్ళి నా భాగస్వామికి చేశాను.

"ఆ వెతుకులో బడి నంబరు షరతు పెట్టు. ఇప్పుడే."

"టెస్ట్ చెయ్యకుండ లైవ్‌ల పెట్టాల్నా?"

"పెట్టు. తర్వాత తిట్టు."

"నెట్ మస్తు స్లో ఉంది. రెండు నిమిషాలు ఆగు అన్నా."

లోపలికి వచ్చేసరికి నాలుగో నంబరు అయిపోయింది. ఇక దాచి లాభం లేదనుకున్నాను.

"సార్, ఆపండి. ఇది నా తప్పు. మీరు చూస్తున్నది వేరే బడుల డేటా. మీకు కనిపించకూడదు."

"నా టీచర్లే కదా!" అన్నాడు ఐదో నంబరు కొడుతూ.

"మనుషులు మీ టీచర్లే. ఆ వరుసలు మీవి కావు."

ఆయన వినలేదు. ఆరోది కొట్టాడు. సంగీతం టీచరుది, తన బడి తప్ప ఇంకేదీ రాలేదు. రిజిస్టర్ మీద వేలు ఏడో పేరు కిందికి జరిగింది. ఒక్కో అంకె గట్టిగా చదువుతూ కొడుతున్నాడు. చెయ్యి పట్టుకుని ఆపుదామా అనుకున్నాను, సిగ్గు లేకుండా. 'వెతుకు' నొక్కాడు. పేజీ తెల్లగా ఉండిపోయింది. ఆయన మౌస్ ఇంకోసారి నొక్కాడు.

'ఈ నంబరు మీ బడిలో ఇప్పటికే ఉంది' అని వచ్చింది. కింద తన బడి వివరాలు మాత్రమే. మళ్ళీ లెక్కల మాస్టారి నంబరు కొట్టాడు. అదే జవాబు.

"ఏంది, బంద్ చేసిన్రా?"

"చేశాం."

కుర్చీ నా వైపు తిప్పాడు. నవ్వు పోయింది. "అంటే మా బడి సంగతులు గూడ వాళ్ళకు కనవడ్డట్టే కదా?"

"అవును."

"ఎవరెవరివి చూసిన్రో నాకు లిస్టు కావాలె. రాసియ్యి."

అడగడం ఆయన హక్కు. ప్రతి వెతుకూ మా దగ్గర నమోదయ్యేది. ఆయన బడి వరుసల్లో బయటివాళ్ళు మొట్టమొదట తెరిచింది తెలుగు టీచరుది. జల్‌పల్లిలో ఆమెను చేర్చుకునేటప్పుడు వాళ్ళు ఆమె నంబరు కొట్టారు మరి. పదకొండు బడులవీ చూసి మంగళవారం ఇస్తానన్నాను. పని అంత ఉంది, అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు.

సాయంత్రం జల్‌పల్లి బడి గేటు దగ్గర నిలబడి ఆమెకు అంతా చెప్పాను. లిస్టు ఇవ్వక తప్పదని కూడా.

ఆమె గేటు దగ్గరగా వేసి నా వైపు తిరిగింది. "ఆయన డేటా, వీళ్ళ డేటా అంటున్నారు. నంబరు నాది సార్, ఇల్లు నాది. గంటలో ఆ సదుపాయం చేసేటప్పుడు మాలో ఒక్కరినైనా అడిగారా?"

లేదన్నాను.

"మంగళవారం దాకా ఆగండి చాలు" అని లోపలికి వెళ్ళిపోయింది.

శనివారం సర్టిఫికెట్లు ఆమె చేతికొచ్చాయి. సోమవారం పరిశీలన అయిపోయింది. మంగళవారం కాగితం పట్టుకుని కిషన్‌బాగ్ వెళ్ళాను. ఎవరి వివరాలు ఏ తేదీన బయటివాళ్ళు చూశారో రాశాను. చూసిన బడి పేరు రాయలేదు, అది ఆ బడి సంగతి.

ఆయన మొదటి వరుస చదివి తలుపు వంక చూశాడు. ఆమె నంబరు బయట ఎవరు ఎందుకు కొట్టి ఉంటారో అర్థం చేసుకోవడానికి ఆయనకు బడి పేరు అక్కర్లేదు. యూజర్ల పేజీ తెరిచి, ఆమె పేరు పక్కన 'తొలగించు' నొక్కాడు. నా ఎదుటే. ఆయన బడి, ఆయన యూజర్. నేను రాసిన ప్రోగ్రామ్ వెంటనే ఆమెను తీసేసింది.

"ఇంకో బడిల గూడ ఉంది కదా? అక్కడికెల్లి గూడ తీసెయ్యి" అన్నాడు.

"మీ చేతిలో లేదు సార్. నేనూ తీయను."

"అప్పుడైతే అందరి బడుల తాళం తీసినవ్ కదా. ఇప్పుడేమైంది?"

సంచి భుజాన వేసుకుని లేచాను. గేటు దగ్గర ఆమె పిల్లల హాజరు రిజిస్టర్ పట్టుకుని లోపలికి వస్తోంది. తనను తీసేశారని ఆమెకింకా తెలియదు. నేనే చెప్పాల్సి వచ్చింది.