పుట్టినరోజు పన్నెండున్నరకు

ఒక శుక్రవారం నాడు సౌదీ అరేబియా మొత్తం మా అమ్మమ్మ మునిరత్నమ్మ చెప్పిన టైముకే నడిచింది. సూర్యుడు కూడా ఆమె వైపు చూసి, ఆమె సరేనన్న తర్వాతే పైకి వచ్చాడట. ఆ మాట ఆమె అనలేదు. ఎనిమిదో తరగతితో బడికి దండం పెట్టిన నేను అంటున్నాను.

అది 1992 జనవరి ఇరవై నాలుగు. మా అమ్మ వర్షకు ఏడాది నిండే రోజు. గల్ఫ్ యుద్ధం సైరన్లు మోగుతుండగా పుట్టిన పిల్ల. ఆ రోజుల్లో బాంబుల భయానికి కిటికీలకు అంటించిన టేపుల జిగురు ఏడాదైనా అద్దాల మీద పోలేదు. మా తాత ప్రభాకర్ అల్ ఖర్జ్ దగ్గర పాల ఫారంలో కూలింగ్ మిషన్లు చూసే మెకానిక్. పొద్దున పోతే చీకటి పడ్డాకే రాక. రాయచోటి నుంచి వచ్చిన అమ్మమ్మకు క్వార్టర్లో గోడలతో తప్ప మాట్లాడే దిక్కు లేదు.

ఆ పుట్టినరోజుకు ముందు మూడు నెలలు మాత్రం పక్క క్వార్టరుకు రహమత్బీ వచ్చింది. సూపర్‌వైజర్ జిలానీ వాళ్లమ్మ. మక్కాకు ఉమ్రా యాత్ర చేసుకుని కొడుకు దగ్గర ఉండిపోయిన కడప ముసలామె. డెబ్బై ఏళ్లు, మోకాళ్ల నొప్పి, నోట్లో నాలుగు పళ్లు. వీసా అయిపోతోంది. సరిగ్గా పుట్టినరోజు నాడే రాత్రి విమానం. సాయంత్రం నాలుగుకల్లా రియాద్‌కు బయలుదేరాలి.

మేలుకుని ఉన్న బిడ్డ తల మీద ఆ పెద్దామె చెయ్యి పెట్టి దీవించాలి. అమ్మమ్మకు కావలసింది అదొక్కటే. ఊళ్లో ఉంటే ఆ పని చెయ్యడానికి పదిమంది. ఇక్కడ ఆమె ఒక్కతే.

తాత ముప్పై రియాళ్లు చేతిలో పెట్టి, "ఇంతే రత్నా" అన్నాడు. గౌనుకు సగం పోయింది. కేకు లేదు. రవ్వ కేసరి గిన్నెలో అదిమి బోర్లిస్తే అదే కేకు. పళ్లు ఊడిన పెద్దామె కోసం మెత్తటి పెసరపప్పు కిచిడి. ఇంక మిగిలింది నిద్రల లెక్క. పిల్ల మామూలుగా పదకొండుకోసారి, నాలుగుకోసారి పడుకుంటుంది. రహమత్బీ మధ్యాహ్నం నమాజు చేసి, తిని, ఒరిగిపోతుంది. అందుకే అమ్మమ్మ తెల్లవారుజామున ఐదింటికే పిల్లను లేపింది. తొమ్మిదికి పడుకోబెడితే పదకొండుకు లేస్తుంది, పన్నెండున్నరకు పండగ. నాకు లెక్కలు ఎందుకు రావో అర్థం కాదు. రక్తంలో ఇంత ఉంది మరి.

తొమ్మిదికి పిల్ల పడుకుంది. తొమ్మిదీ పదికి పనివాళ్ల క్యాంపు నుంచి భోజన్న ఊడిపడ్డాడు. నిజామాబాద్ మనిషి, తాత దగ్గర హెల్పరు. శుక్రవారం సెలవు కదా అని బెలూన్లతో ముందే వచ్చాడు. గుమ్మంలోనే ఒకటి ఊదాడు. ఠప్పుమంది.

లోపల పిల్ల కెవ్వుమంది.

"గిట్లయితదనుకోలే వదినా" అన్నాడు భోజన్న.

"ఇంగో బెలూను ముట్టుకుంటే నిన్నే ఊదతా" అంది అమ్మమ్మ.

అంతే, పిల్ల మళ్లీ పడుకోలేదు. పన్నెండున్నరకు రహమత్బీ కుంటుకుంటూ వచ్చేసరికి పిల్ల కొత్త గౌనులో ఏడ్చి ఏడ్చి ఎర్రబడింది. తాత ఎత్తుకున్నాడు, భోజన్న ఎగిరాడు, ఏడుపు ఆగలేదు.

"ఇట్ల తే బిడ్డా" అంటూ రహమత్బీ కింద కూర్చుని గోడకు ఆనుకుంది. కాళ్లు చాపి, వాటి మీద పిల్లను వేసుకుని ఊపింది. ఐదు నిమిషాల్లో పిల్ల నిద్రపోయింది. ఇంకో ఐదు నిమిషాల్లో ముసలామె కూడా.

కేసరి చల్లారిపోయింది. ఫారంలో మిషను ఆగిపోయిందని కబురొస్తే తాత, భోజన్న నిలబడే కిచిడి తిని పోయారు. "లేపు రత్నా, టైము అయిపోతాంది" అని తాత గుమ్మంలోంచి చెప్పాడు. అమ్మమ్మ తల ఊపింది. లేపలేదు. ఇద్దరి పక్కన కూర్చుని మూడు గంటలు ఈగలు తోలింది.

నాలుగుకు జిలానీ హారన్ కొట్టాడు. రహమత్బీ ఉలిక్కిపడి లేచింది. "అయ్యో, నన్ను లేపలేదేంటికి తల్లీ?" అంటూ నిద్రలో ఉన్న పిల్ల నెత్తిన గబగబా చెయ్యి పెట్టి ఏదో గొణిగింది. అమ్మమ్మ ఆమె కాళ్లకు చెప్పులు తొడిగింది. కారు మలుపు తిరిగింది.

ఐదుకు పిల్ల లేచింది, నవ్వుతూ. అమ్మమ్మ గౌను సర్ది, కేసరి మీద కొవ్వొత్తి వెలిగించి, తనే ఊది, తనే చప్పట్లు కొట్టింది.

మొన్న అడిగాను. "అంత లెక్క చేసి, తెల్లారకముందే లేచి, ఆ మూడు గంటలు ఎందుకు ఊరికే కూర్చున్నావే? మేలుకున్న బిడ్డను దీవించాలని గదా నీ గోల. లేపితే అయిపోయేది కదా?"

చేతిలో చాట ఆపకుండా చెప్పింది.

"లేపితే ఆయమ్మ ఎల్లిపోతాది గదరా, ఎర్రి నాయాలా."