లేని జిప్పుకి ఐదు స్టార్లు

మా అత్తగారంటే నాకు పడదు. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం తేలిక.

ముప్పై నాలుగేళ్ళు బళ్ళో లెక్కలు చెప్పింది. పరీక్షలప్పుడు హాల్లో తిరిగి కాపీలు పట్టింది. పిల్లలు ఆవిడకి డేగ అని పేరు పెట్టారు. ఆ పేరు తనకి తెలుసు, తెలిసి సంతోషించింది కూడా. ఒక ఏడాది చివరి పరీక్షల్లో రావలసిన టీచరు రాలేదని ఆవిడని వేరే గదికి మార్చారు. ఆ గదిలో మూడో బల్ల మీద ఉన్నది ఆవిడ కొడుకే. చొక్కా మడతలో చీటీ దొరికింది. చీటీ తీసుకుంది, పేపరు తీసుకుంది, బయటికి పంపేసింది. ఆ కొడుక్కి ఏడాది పోయింది. ఆ కొడుకే మా ఆయన. పాతికేళ్ళయినా ఆ మాట ఎత్తితే ఇప్పటికీ కంచం ముందు నుంచి లేచిపోతాడు.

రిటైరయ్యాక ఆ దిద్దుడంతా నా మీద పడింది. కూరలో ఉప్పు, తలుపు గడియ, నేను మాట్లాడే తీరు, అన్నిటికీ మార్కులే.

ముందు గదిలో మూడు కుట్టు మిషన్లు పెట్టి టిఫిన్ బాక్సు సంచులు కుడతాను. నాతో పాటు ఇద్దరు ఆడవాళ్ళు కుడతారు. ఒకామె భర్త మంచాన పడ్డాడు, రెండో ఆమెకి అసలు భర్తే లేడు. మాకు బజార్లో కొట్టు లేదు. ఆన్‌లైన్ అంగడిలో మా సంచి పేజీ ఒక్కటే మాకున్న కొట్టు. తొంభై ఆరు రివ్యూలు, ఐదుకి నాలుగున్నర పైన రేటింగు. పొద్దున్నే టీ తాగుతూ ఆ రివ్యూలు చదువుకోవడం నా అలవాటు. మా అత్తగారు ఏ రోజూ అనని మాటలు ఊరూపేరూ తెలియని మనుషులు అంటున్నారు కదా, చదవకుండా ఎలా ఉంటాను?

వాటిలో ఒకావిడ మాత్రం మూడు స్టార్లు వేసింది. రెండో వారంలోనే పిడి దగ్గర కుట్టు ఊడిందట, బాక్సు కాలి మీద పడిందట. నాకు ఒళ్ళు మండి కింద జవాబు రాశాను. తొంభై మందికి బాగున్న సంచి మీకొక్కరికే తెగిందా, ఇటుకలు మోశారా అని. రాసి హాయిగా నిద్రపోయాను కూడా.

ఆ వారమే మా అత్తగారు నా సంచి ఒకటి తీసి, అందులో పాత ఇస్త్రీపెట్టె పడేసి, తన గది తలుపు మేకుకి తగిలించింది. పెట్టె పెట్టుకోవడానికి ఇల్లంతా చోటు ఉండగా నా సంచే దొరికింది. నన్ను దెప్పడానికే అనుకుని పళ్ళు కొరుక్కుని ఊరుకున్నాను.

అసలు గొడవ పక్కవాడితో మొదలైంది. వాడెవడో అదే అంగడిలో ఇలాంటి సంచే పెట్టాడు, మా దానికంటే పల్చని గుడ్డ, పైన జిప్పు. రెండు నెలల్లో వాడి పేజీలో వెయ్యికి పైగా రివ్యూలు, అన్నీ ఐదు స్టార్లే. రోజుకి ఇరవై వచ్చే మా ఆర్డర్లు ఆరుకి పడిపోయాయి. ఇంకో నెల ఇలాగే ఉంటే ఒక మిషను ఆపాలి, అంటే ఇద్దరిలో ఒకామెని ఇంటికి పంపాలి. ఎవరిని పంపను? వాడివి దొంగ రివ్యూలని అంగడివాళ్ళకి ఫిర్యాదు రాయడానికి కూర్చున్నాను. తిట్లు తప్ప ఇంకేం రాయాలో తెలియలేదు.

వెనక నుంచి అత్తగారు చదివి, ఇది ఫిర్యాదు కాదు, శాపనార్థాలు అంది. వాడి పేజీ, ఆ రివ్యూలు రాసినవాళ్ళ పేజీలు కాగితాల మీద అచ్చు తీసుకురమ్మంది. తెర మీద తనకి కళ్ళు ఆనవట. ఎర్ర పెన్ను కూడా అడిగింది. ఆవిడ సాయం తీసుకోవడం నాకు చావులా ఉంది, అయినా తెచ్చాను.

మధ్యాహ్నం భోజనాల బల్ల మీద కాగితాలన్నీ పరిచింది. మొదట తేదీల కింద గీతలు గీసింది. మూడు రోజుల్లో రెండు వందల రివ్యూలు, ఆ తర్వాత పది రోజులు ఒక్కటీ లేదు, మళ్ళీ మూడు రోజుల్లో నూట ఎనభై. నేను ఎగిరి గంతేసి ఇదిగో దొరికాడు అన్నాను. తొందరపడకు, ధర తగ్గించిన వారంలోనూ ఇలా గుంపుగా రావచ్చు, ఒక్క గుర్తు చూసి ఎవరినీ బయటికి పంపకూడదు అని కసిరింది. తర్వాత పాత రివ్యూలు తీసింది. సంచి పేజీలో అడుగున ఉన్నవన్నీ చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్ల గురించి. శబ్దం బాగుంది, చెవి నొప్పి పుట్టలేదు అని. పాత సరుకు పేజీలోనే బొమ్మా పేరూ మార్చి సంచి పెట్టాడు, పాత స్టార్లు దీనికి అంటుకున్నాయి. ఫొటోలు చూసింది. ముగ్గురు పెట్టిన ఫొటోల్లో ఒకటే బల్ల, ఒకటే మరక, ఒక దాంట్లో మాత్రం కుడిఎడమలు తిప్పేశారు. రివ్యూ పక్కన నిజంగా కొన్నవాళ్ళేనని అంగడివాళ్ళు వేసే గుర్తు ఉంది కదా అని నేను అడిగితే, కొనిపించి, రివ్యూ రాయించుకుని డబ్బు వెనక్కి ఇచ్చేస్తే ఆ గుర్తు రాదా అంది.

చివరికి మాటల దగ్గరికి వచ్చింది.

"బాగుంది, నచ్చింది అని పదిమంది రాస్తే నేను పట్టించుకోను అమ్మాయ్. సరైన జవాబు అందరికీ ఒకటే రావచ్చు. తప్పు జవాబు అందరికీ ఒకటే వస్తే అప్పుడు చూడాలి."

అలాంటి వాక్యం దొరికింది కూడా. ‘నా జిప్పు పిల్లలకి కూడా సులువుగా జారుతుంది.’ జిప్పుకి బదులు నా జిప్పు అని ఎవరు రాస్తారు? కానీ పదకొండు మంది అదే తప్పుతో అలాగే రాశారు. ఆ పదకొండు మంది పేజీలు చూస్తే అందరూ ఒకే వారంలో ఒకే చేపతొట్టి పంపుకి, ఒకే డ్రిల్లింగ్ మిషనుకి, ఒకే మోకాలి పట్టీకి ఐదేసి స్టార్లు వేశారు.

నేను పొంగిపోయాను. మొదటిసారి ఆవిడకి నా చేత్తో టీ పెట్టి ఇచ్చాను. ఆవిడ టీ ముట్టుకోలేదు. ఆ పదకొండు పేర్లలో ఒకదాని కింద వేలు పెట్టి, నా వైపు చూడకుండా అంది.

"వీళ్ళ జాబితాలో నీ సంచి కూడా ఉంది."

నేను నవ్వాను. తర్వాత ఫోను తీశాను. మా పేజీలో అదే పేరు, ఐదు స్టార్లు, ‘నా జిప్పు పిల్లలకి కూడా సులువుగా జారుతుంది.’

మా సంచికి జిప్పు లేదు. రెండు నొక్కు బొత్తాలు ఉంటాయి, ఒక్కొక్కటీ నేనే బిగిస్తాను. ఆ రివ్యూని ఏడు నెలలుగా పొద్దున్నే టీతో పాటు చదువుకుంటున్నాను. జిప్పు అన్న మాట ఒక్కరోజు కూడా నా కంట పడలేదు. పొగడ్త ఒక్కటే కనబడింది. నాకు తల కొట్టేసినట్టయింది.

వెంటనే నేనెవరి మీద పడ్డానో వేరే చెప్పాలా? అత్తగారి మీదే. మీరే ఏదో చేశారు, నా పొట్ట కొట్టాలని చూస్తున్నారు అని నిప్పులు చెరిగాను. మిషన్లు ఆగిపోయాయి. గుమ్మంలో పార్సిళ్ళకి టేపు అంటిస్తున్న మా ఆయన కత్తెర కింద పెట్టాడు.

"ఆ రివ్యూలు నేనే కొన్నాను," అన్నాడు. "మొదటి నెల ఒక్కటీ అమ్ముడవలేదని నువ్వు స్నానాల గదిలో ఏడ్చావు. ఫోన్లో ఎవరో గ్రూపువాళ్ళు డెబ్భై ఎనిమిది రివ్యూలు వేయిస్తామన్నారు. వేయించాను."

నన్ను ఊరడించడానికి చేశాడు. అది తెలిసి ఇంకా కోపం వచ్చింది. ఏడు నెలలు నేను మురిసిపోతుంటే ఎదురుగా కూర్చుని చూశాడు మనిషి.

అత్తగారు సంగతి తేల్చి చెప్పింది. పక్కవాడి మీద ఫిర్యాదు పెడితే అంగడివాళ్ళు ఆ పదకొండు మంది వెనకాల వెళ్తారు, వెళ్తే మా పేజీకే వస్తారు. కాబట్టి కాగితాలు చింపేసి నోరు మూసుకోవాలి, లేదంటే మనది కూడా మనమే చెప్పాలి. చెప్తే పేజీ ఉంచుతారో తీసేస్తారో తెలియదు. మా ఆయన మొహం ఎర్రబడింది.

"ఒకసారి నా ఏడాది తిన్నావు, చాలదా అమ్మా? ఇప్పుడు వీళ్ళ ముగ్గురి కూడూ తింటావా?"

ఆవిడ పెన్ను కింద పెట్టింది. లేచి తన గదికి వెళ్ళి, మేకుకి ఉన్న సంచి తెచ్చి నా ముందు బల్ల మీద పెట్టింది. ఇస్త్రీపెట్టె ఇంకా లోపలే ఉంది. ఎడమ పిడి దగ్గర కుట్టు సగం ఊడి, దారాలు బయటికి వచ్చాయి.

"ఆ మూడు స్టార్లావిడ రాసిన రోజే తగిలించాను," అంది. "ఇవాళ్టికి పదమూడు రోజులు."

నేను ఆ దారాలకేసి చూస్తూ కూర్చున్నాను. తొంభై మందికి బాగుందని ఆవిడని ఇటుకలు మోశారా అని అడిగాను. ఆ తొంభై మందిలో డెబ్భై ఎనిమిది మందికి అసలు సంచే అందలేదు. కాలు నొప్పితో నిజం చెప్పిన ఒక్క మనిషిని పట్టుకుని అబద్ధాలకోరని అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

మా ఆయన చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. కుట్టే ఇద్దరినీ పిలిచి జరిగింది చెప్పాను. వాళ్ళ పొట్ట కూడా ఇందులో ఉంది కదా. మంచాన పడిన భర్త ఉన్నామె, ఆ పిడికి రెండు వరసలు వేద్దామని తను అప్పుడే చెప్పిందని, ఎవరూ వినిపించుకోలేదని సణిగింది. వినిపించుకోనిది నేనే. ఫిర్యాదులో పక్కవాడి పేజీ ఒకటో వరసలో, మా పేజీ రెండో వరసలో రాసి బొత్తాం నొక్కాను.

మా ఖాతా నలభై రోజులు ఆపేశారు. ఆ రోజుల్లో పరదాలు కుట్టాం, దిండు గలీబులు కుట్టాం, ఇల్లిల్లూ తిరిగి అడుక్కున్నంత పని చేశాం. పక్కవాడి పేజీ పోయింది, నెల తిరక్కుండా ఇంకో పేరుతో వచ్చింది. మా పేజీ తెరిచేసరికి పద్దెనిమిది రివ్యూలు మిగిలాయి, రేటింగు మూడున్నర. మీరైనా ఒకటి రాయండి అత్తయ్యా అని నోరు జారాను. ఇంటి మనిషి రాసిందీ దొంగదే అంది.

మూడు స్టార్లావిడకి క్షమాపణ రాసి, రెండు వరసల కుట్టుతో కొత్త సంచి పంపాను. ఉత్తరం చివర, నచ్చితే రివ్యూ మార్చండి అని ఒక ముక్క చేర్చాను. అత్తగారు ఎర్ర పెన్నుతో ఆ ముక్క కొట్టేసింది. సంచి అందినట్టు కబురు వచ్చింది. రివ్యూ మాత్రం అలాగే ఉంది, ఇప్పుడు అన్నిటికంటే పైన కనబడుతోంది.

మా ఆయన ఇప్పటికీ తల్లితో మాట్లాడడు. నేను మాట్లాడతాను, అదీ తిట్టడానికి ఎక్కువ. కొత్త సంచుల్లో ప్రతి కట్టలోంచీ ఒకటి ఆవిడ గది తలుపుకి వెళ్తుంది, ఇస్త్రీపెట్టెతో సహా. మొన్న పొద్దున్న టీ తాగుతూ ఆ మూడు స్టార్ల రివ్యూ మళ్ళీ చదువుతున్నాను. ఆవిడ నా భుజం మీంచి చూసింది.

"ఊడిపోయిన పిడికి మూడు కూడా ఎక్కువే వేసింది," అంది.

ఒళ్ళు మండింది. కానీ ఆవిడ చెప్పింది నిజం.