రెండుసార్లు ఎక్కిన రొయ్యలు

శ్రీకాకుళం దాటాక హైవే పక్కన ఒక రొయ్యల ఎగుమతి కంపెనీలో నాకు రాత్రి డ్యూటీ ఉండేది. కొనేవాళ్ళు అమెరికాలో ఉంటారు. వాళ్ళు ఆఫీసులు తెరిచేసరికి మనకి రాత్రవుతుంది. అందుకే కోల్డ్ స్టోరేజీలో ఏ సైజు రొయ్య ఎన్ని పెట్టెలుందో ఆ వేళకే తేల్చి సేల్స్ మేనేజరుగారికి ఇవ్వాలి. మాది కళింగపట్నం, ఎండుచేపలు అమ్ముకునే ఇల్లు. కంప్యూటరు ముందు కూర్చుని రొయ్యలు లెక్కపెడతానంటే మా అమ్మ చాన్నాళ్ళు నమ్మలేదు.

పగలు ప్యాకింగయిన సరుకుని నంబరేసిన లాట్లుగా సిస్టంలో ఎక్కిస్తారు. రాత్రి షెడ్యూలర్ అనే ప్రోగ్రాం టైముకి తనంతట తనే ఒక క్వెరీని, అంటే డేటాకిచ్చే ఆదేశాన్ని, నడిపి, ఆ రోజు లాట్లన్నిటినీ స్టాకు టేబుల్లో చేరుస్తుంది. బయటికి వెళ్ళిన సరుకు తీసివేయడం, ఇలాగే తనంతట తనే నడిచే వేరే జాబు పని.

నేను రెండ్రోజుల సెలవు తర్వాత వచ్చిన రాత్రి, పెద్ద సైజు రొయ్య నిల్వ బాగా పెరిగి కనిపించింది. చెరువుల్లో పట్టుబడి తగ్గిందని ఊరంతా అనుకుంటున్న రోజులవి. అనుమానం వచ్చి టేబుల్ తెరిచాను. ముందురోజుదీ, ఆ రోజుదీ ప్రతి లాటూ రెండేసిసార్లుంది. అదే నంబరు, అవే పెట్టెలు. ఎక్కిన టైము తేడా. ఏ సర్వరు నుంచి ఎక్కిందో చూస్తే ఒకటి కొత్తది, రెండోది మేం వాడడం మానేసిన పాతది.

ఈలోగా మేనేజరుగారు నా బల్ల దగ్గరికి వచ్చారు. ఆయనది విజయనగరంలో కిరాణా వ్యాపారం చేసే కుటుంబం. నీచు ముట్టరు గానీ రొయ్యలు అమ్మడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు.

"రిపోర్టు ఏదమ్మా? రెండు కంటైనర్లకీ ఒప్పేసుకుంటన్నాను, పార్టీ లైన్లో ఉన్నాడు."

"ఒప్పుకోకండి సార్. ఆ లెక్క తప్పు."

"తప్పేటి? నిన్న రాత్రి మీ కంప్యూటరు సెప్పిందే కదా!"

"ఒకే సరుకుని రెండుసార్లు కలిపింది సార్. కాసేపు ఆగండి."

ఆయన నా ముఖంలోకి చూశారు. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా నిండని పిల్లని. కోప్పడతారనుకున్నాను. "సరే, నేను వాడితో కబుర్లాడతాను. నువ్వు సూడు" అని ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయారు.

ఆ జాబులన్నీ పెట్టింది మా సీనియరు. కూతురి పుట్టువెంట్రుకలు తీయించడానికి శ్రీకూర్మంలో అత్తవారింటికి వెళ్ళారు. భయపడుతూనే ఫోన్ చేశాను. సిగ్నల్ కోసం డాబా ఎక్కారు.

"ఏటైంది సెల్లీ? నెమ్మదిగా సెప్పు."

చెప్పాను.

"మొన్న కరెంటు పనులకి అన్నీ ఆపి మళ్ళీ ఆన్ చేసినారు కదా? పాత సర్వర్లో షెడ్యూలర్ ఆపేను గానీ, ఆన్ చేస్తే మళ్ళీ లేవకుండా కట్టడి చేయలేదు. అది లేసి కూకున్నాది. తప్పు నాది. ముందు దాన్ని ఆపీ. తుడిసీ ముందు టేబుల్ కాపీ తీసుకో."

పాత సర్వర్లో జాబుని మళ్ళీ లేవకుండా డిజేబుల్ చేశాను. కాపీ తీసుకుని, అక్కడినుంచి ఎక్కిన వరసల్ని మాత్రమే తొలగించాను. ఆయన డాబా మీదే నిలబడి ప్రతి మెట్టూ నాచేత పైకి చదివించుకున్నారు. మళ్ళీ రిపోర్టు తీస్తే సరుకు ఒక్క కంటైనరుకే సరిపోయింది. కోల్డ్ స్టోరేజీకి ఫోన్ చేసి గదిలో ఉన్న పెట్టెలతో సరిచూసుకున్నాకే మేనేజరుగారికి ఇచ్చాను.

"లేని సరుక్కి మాటిచ్చేసుందును," అన్నారాయన. ఇప్పుడొకటి, రెండోది తర్వాత అని పార్టీని ఒప్పించారు.

మర్నాడు సీనియరు కంపెనీ పెద్దలకి పెట్టిన మెయిల్ నాకూ వచ్చింది. పాత జాబు లేవకుండా చూడకపోవడం తన పొరపాటని, దాన్ని పట్టుకున్నది నేనని రాశారు. నెపం కరెంటు మీద వేయొచ్చు, వేయలేదు. తిరిగొచ్చాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని క్వెరీని మార్చారు. ఇప్పుడది ఆ రోజు తేదీతో ఉన్న వరసలు ముందు తుడిచి, తర్వాతే చేరుస్తుంది. ఇంక పొరపాటున రెండుసార్లు నడిచినా లెక్క ఒకటే వస్తుంది. ఆ మార్పు నాచేతే రాయించారు. తర్వాత ఎన్ని కంపెనీలు మారినా, నాకు పని నేర్పిందెవరంటే ఆయన పేరే చెబుతాను.

ఆ ఆదివారం ఇంటికెళ్ళి అమ్మకి ఇదంతా చెప్పాను.

"ఒక గంపనే రెండుసార్లు రాసినారన్నమాట. నిన్నెవరూ తిట్టనేదా?"

"లేదమ్మా."

"మంచోళ్ళే," అని ఇద్దరికీ చెరో పొట్లం ఎండు రొయ్యలు కట్టింది. సీనియరు సంతోషంగా సంచిలో వేసుకున్నారు. మేనేజరుగారు తినరని చెప్పినా అమ్మ వినలేదు, ఇవ్వక తప్పలేదు. ఆయన రెండు చేతులతో అందుకుని, "మీయమ్మకి నా నమస్కారం సెప్పు" అన్నారు.