మలుపు దగ్గర ఆగిన గజ్జెలు

నిన్న పొద్దున్న కిరసనాయిలు బండి ఎద్దు మెడలో గజ్జెలు మా వీధంతా మోగించుకుంటూ వచ్చి ఎదురింటి ముందు ఠక్కున ఆగిపోయాయి. గజ్జెలు మోగుతున్నంతసేపూ నేను పేపరు చదువుకుంటూనే ఉన్నాను. ఆగిన మరుక్షణం పేపరు కింద పడేసి లేచి నిలబడ్డాను. డెబ్బై దాటిన నాకు ఇప్పటికీ గజ్జెల చప్పుడు కంటే అది ఆగిపోవడమే ఎక్కువగా వినపడుతుంది.

ఎదురింటి గుమాస్తాగారు నెలల తరబడి ఆసుపత్రిలో ఉండి మొన్ననే ఇంటికి వచ్చాడు. వచ్చిన పూటనుంచీ ఆ ఇంటి అరుగు ఖాళీ లేదు. బత్తాయిలు పట్టుకుని వస్తారు, కుర్చీ లాక్కుంటారు, మొదలుపెడతారు. ఏం రోగమండీ? ఎక్కడ కోశారు? డాక్టరు ఏమన్నాడు? అయ్యో, ఎంత చిక్కిపోయారండీ! ఆయన ప్రతివాడికీ మొదటినుంచీ చెప్పుకొస్తాడు. చెబుతున్నకొద్దీ ముఖం పాలిపోతుంది. పరామర్శట! పోలీసు వాళ్లు దొంగను కూడా కాస్త మంచినీళ్లు ఇచ్చి అడుగుతారు. ఇదేమిటని నేను ఒకరిద్దరితో అంటే, "ప్రేమకొద్దీ అడుగుతున్నాం తాతగారూ" అన్నారు. ప్రేమ ఉన్నవాడు ఎలా అడుగుతాడో నేను చూశాను కాబట్టి ఆ మాట నా ఒంటికి పడలేదు. ఆ మనిషి గురించే ఇది రాస్తున్నాను. ఆయన పేరు మాదన్న. ఆయన పేరు అచ్చులో చూసినవాళ్లెవరూ ఉండరు.

నా వయసు వాళ్లు బడికి పోతున్న రోజుల్లో నేను పశువుల వెనక పోయాను. అక్షరాలు నేర్చుకున్నది తర్వాత, టపాలో చేరాక, కవర్ల మీది చిరునామాలు చూసి. పాచిపెంట దాటి కొండ మొదట్లో మా టపా చౌకీ ఉండేది. రైలూ మోటారూ లేని ఆ కొండదారిలో, ఆ ఘాటీలో, టపా మనుషుల కాళ్ల మీదే నడిచేది. కింద నుంచి వచ్చిన సంచిని మేం భుజాన వేసుకుని, గజ్జెలు కట్టిన బల్లెం పట్టుకుని, కొండ మీది చౌకీ దాకా పరుగున ఎక్కి, అక్కడివాడికి అందించి, అటునుంచి వచ్చిన సంచితో దిగేవాళ్లం. బల్లేనికి గజ్జెలు సోకు కోసం కాదు. ఆ చప్పుడుకి ఎలుగు తప్పుకుంటుంది, పులి పక్కకి పోతుంది, ఎదురొచ్చేవాళ్లు దారి ఇస్తారు. అన్నిటికన్నా ముఖ్యం, పై చౌకీ వాడు ఆ చప్పుడు విని నడుం కట్టుకుని సిద్ధంగా ఉంటాడు.

మా కింది చౌకీలో ముగ్గురం. పెద్దవాడు మాదన్న, కొండదొర తెగ మనిషి. పక్క కొండ మీద ఆయన ఊరు. పొట్టివాడు, ముక్కోపి, చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు. ఘాటీలో ఆయనంత వేగంగా ఎక్కినవాడు లేడని సంతలో చెప్పుకునేవారు. ఆయన కూడా అది వినడానికే సంతకు పోయేవాడేమో అనిపించేది. తర్వాతివాడు సూరన్న, సాలూరు వైపు మైదానం వాడు. మూడోవాణ్ణి నేను. చుట్టరికం లేకపోయినా మాకు ఇద్దరికీ ఆయన మావ. ఆ వానాకాలం సూరన్న జబ్బుపడి ఇంటికి వెళ్లాడు. వానలు పోయి, చలి వచ్చి, చోడి చేల కోతలు కూడా అయిపోయాయి. అతను తిరిగి వచ్చేదాకా బదులు ఒకణ్ణి పెట్టారు. సూరన్న బల్లెం మాత్రం మాదన్న వాడికివ్వలేదు. మేకుకి అలాగే వేలాడదీసి, అప్పుడప్పుడూ ఇప్పనూనె పూసి తుడిచేవాడు. చచ్చినవాడి సామానులా దాచుతున్నావేమిటి మావా అని నేనంటే, "సచ్చినోడి సామాను పంచేసుకుంతార్రా. ఇది బతికున్నోడిది గాబట్టే తుడుత్తన్నాను" అన్నాడు.

సూరన్న తిరిగి వచ్చిన పొద్దున నాకు కళ్లకు కట్టినట్టుంది. చొక్కా లోపల మనిషి సగమే ఉన్నాడు. నేను నోరు తెరిచాను. తెరిచినట్టే ఉంది, మాదన్న నా చేతిలో కుండ పెట్టాడు. "రామిగా, గెడ్డకెల్లి నీళ్లు తే. బేగి." కుండ అంతకుముందు నిండుగానే ఉంది. పారబోసి మరీ ఇచ్చాడు.

నేను గుమ్మం దాటుతూ విన్నవి ఇవి:

"వొచ్చినావా సూరీ. కూకో. నీ బల్లెం ఆ మేకుకే ఉంది."

"ఊఁ."

"రెండో వాగు కాడ కలవట్టు కట్టినారు, ఇక కాళ్లు తడవవు. పై సౌకీ అప్పల్సామికి కూతురు పుట్టింది, ఆడి ముక్కే వొచ్చింది పాపం ఆ గుంటకి. ఎలుగ్గొడ్డు మావిడిసెట్టు కాడికి మకాం మార్సింది."

సూరన్న నవ్వాడు. నీళ్ల కుండతో నేను తిరిగి వచ్చేసరికి కూడా జబ్బు ఊసు లేదు. అప్పుడు మాదన్న అడిగాడు. అడిగింది ఒకటే.

"ఈవేళ ఎక్కుతావా, సౌకీ కాడుంతావా? ఏదైనా నాకు సరే. ఎక్కితే సంచి ఏ బుజాన యేత్తావు?"

"ఎడం బుజాన," అన్నాడు సూరన్న, కాసేపు ఆలోచించి. "రేపు ఎక్కుతాను మావా."

"మంచిది. రేపు మళ్లీ అడగను. సంతనాడు అడుగుతాను, పని ఎలగుందని. మజ్జిలో ఏదైనా ఉంటే నువ్వే సెప్పు. లేపోతే లేదు."

ఇంతే పరామర్శ. ఆ తర్వాత నేను ఆగలేక, వాడికి ఏమయిందో నీకు తెలుసుకోవాలని లేదా మావా అన్నాను. "జబ్బు ఆడిది," అన్నాడు అడ్డపొగ నోట్లోంచి తీయకుండానే. "పని ముగ్గురిదీ. ముగ్గురిదీ నాను అడుగుతాను. ఆడిది ఆడు సెప్తాడు, సెప్పడు." సంతలో ఉప్పు కొట్టువాడు సూరన్న సంగతి కూపీ తీయబోతే, మాదన్న "ఆణ్ణే అడుగు" అని రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "అడిగితే మాత్రం నాతో తిట్లు తింతావు."

కానీ పై చౌకీ అప్పలస్వామి నోరు ఎవరు మూస్తారు? మంచివాడే, సరదా మనిషి. సూరన్న రొప్పుతూ కొండెక్కిన ప్రతిసారీ అందుకునేవాడు: "ఏటిరా, సింతసెట్టు మలుపు కాడ గజ్జెలు ఆగిపోనాయి? కళ్లు తిరిగినాయేటి? ఇంకా తగ్గలేదేటి నీకు?" ఘాటీ మొత్తం మీద నిటారుగా ఎక్కాల్సిన చోటు ఆ మలుపే. సూరన్న అక్కడ రాతి మీద కూర్చుని ఊపిరి తీసుకునేవాడు. పైవాడికీ వినపడేది, కిందివాళ్లకీ వినపడేది. ఎవరి కాళ్లు ఎక్కడ ఆగాయో కొండంతా చెప్పేసే ఉద్యోగం అది. పైగా మా పైఅధికారి ఓవర్సీరు తనిఖీకి వచ్చే రోజులు. సంచి ఎక్కించలేనివాణ్ణి తీసేస్తాడు. సూరన్నకు ఉద్యోగం గుర్తుగా ఇచ్చిన ఆ బిళ్ళ పోతే ఇంటిదగ్గర సెంటు భూమి లేదు.

ఒకరోజు సూరన్న బయల్దేరాడు. మేం చౌకీ ముందు కూర్చుని వింటున్నాం. వాగు దాటేదాకా గజ్జెలు మోగాయి. తర్వాత ఏమీ లేదు. మలుపు దాకా పోయి ఆగడం కాదు, అసలు చప్పుడే లేదు. నేను లేచి నిలబడ్డాను. మాదన్న అడ్డపొగ పారేశాడు. ఇద్దరం పరుగెత్తాం. మలుపుకి కాస్త ఇవతల, చెట్ల సందులోంచి కనిపించాడు సూరన్న. నడుస్తూనే ఉన్నాడు. గజ్జెల్లో గుడ్డపీలికలు కుక్కి ఉన్నాయి. ఆగినట్టు ఎవరికీ వినపడకూడదని, ఎలుగు తిరిగే దారిలో మూగ బల్లెంతో పోతున్నాడు. నేను కేకవేయబోయాను. మాదన్న నా నోరు మూసి, వెనక్కి లాక్కొచ్చాడు. చౌకీకి వచ్చాక తన బల్లెం తీసి, గజ్జెల వైపు చాలాసేపు చూశాడు.

మర్నాడు ఎక్కే వంతు మాదన్నది. సూరన్నా నేనూ చౌకీ దగ్గరే ఉన్నాం. ఆయన గజ్జెలు ఎప్పటిలా గలగలమని పోయాయి. చింతచెట్టు మలుపు దగ్గర ఆగాయి. నేను నమ్మలేదు. ఆయన అక్కడ ఆగడం నా ఎరుకలో లేదు. పిట్టల అరుపులు వినపడేంతసేపు నిశ్శబ్దం. మళ్లీ మొదలయ్యాయి. సూరన్న చెవి రిక్కించి విన్నాడు.

సాయంత్రం మాదన్న దిగివచ్చి నాతో గట్టిగా, సూరన్నకి కూడా వినపడేలా అన్నాడు: "రామిగా, రేపట్నించి మలుపు కాడ కూకోవాలి. రాయి బాగుంది. ఊరికే పరిగెట్టి ఏటి సేత్తావు, పైన నీకు పెల్లాం ఉందా?" నేను కూర్చున్నాను. నాకు అలుపు లేకపోయినా రాతి మీద కూర్చుని బల్లెం ఒళ్లో పెట్టుకుని ఆకాశం చూసి లేచేవాణ్ణి. రోజూ ముగ్గురి గజ్జెలూ ఒకేచోట ఆగడం మొదలయింది. కానీ సూరన్నవి ఇంకా మూగగానే పోతున్నాయి. మాదన్న ఒకసారి కూడా ఆ గుడ్డల మాట ఎత్తలేదు. సంతనాడు మాత్రం చెప్పినట్టే అడిగాడు. "పని ఎలగుంది?" "పర్లేదు మావా." "సరే. వొచ్చే సంతకి అడుగుతాను."

ఓవర్సీరు గుర్రం మీద వచ్చాడు. పై చౌకీకి సంచి ఆలస్యంగా చేరుతోందని ఫిర్యాదు. మా ముగ్గురినీ వరసగా నిలబెట్టాడు. "జబ్బుపడి వచ్చినవాడెవడు? వాడివల్లే కదూ?" సూరన్న తల వంచుకున్నాడు.

మాదన్న ముందుకు వచ్చాడు. "ఆలీసం నావల్ల బాబూ. ముసిలోణ్ణయిపోనాను. మలుపు కాడ ఆగకుండా ఎక్కలేను. పెద్దోణ్ణని ఈల్లూ నాతో పాటు ఆగుతన్నారు."

ఘాటీలో అందరికన్నా వేగంగా ఎక్కే మనిషి ఆ మాట అన్నాడు, పైనుంచి అప్పలస్వామి దిగివచ్చి నిలబడి ఉండగా, సంతకు పోయే జనం వింటుండగా. ఓవర్సీరు ఆయన్ని నానా మాటలూ అన్నాడు. వయసు ముదిరినవాళ్లు ఇంట్లో కూర్చోక బిళ్ళ పట్టుకుని వేలాడుతున్నారన్నాడు. మాదన్న తల దించలేదు, ఎత్తలేదు. చివరికి మలుపు దగ్గర కాసేపు ఆగినా సంచి వేళకు అందాలని చెప్పి ఓవర్సీరు గుర్రం ఎక్కాడు. ఎవరినీ తీసేయలేదు. ఆ తర్వాత సంతలో మాదన్న వేగం గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆయన సంతకు పోవడం తగ్గించాడు.

మర్నాడు వంతు సూరన్నది. మేకు దగ్గర మాకు వీపు పెట్టి నిలబడి ఏదో చేశాడు. గుడ్డపీలికలు పొయ్యిలో పడ్డాయి. సంచి ఎడం భుజాన వేసుకుని వెళ్లాడు. వాగు దాటాడు, మోగుతున్నాయి. మామిడిచెట్టు దాటాడు, మోగుతున్నాయి. మలుపు దగ్గర ఆగాయి. నేను మాదన్న ముఖం చూశాను. ఆయన కళ్లు మూసుకుని వింటున్నాడు.

"కూకున్నాడు," అన్నాడు. కాసేపటికి గజ్జెలు మళ్లీ కదిలాయి. "లెగిసినాడు." అని అడ్డపొగ వెలిగించుకున్నాడు.

సూరన్న నాతో ఏళ్ల తరబడి పనిచేశాడు. ఒక పళ్లెంలో అంబలి తాగాం. అతనికి వచ్చిన జబ్బేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

నిన్న కిరసనాయిలు బండి వెళ్లిపోయాక, బత్తాయిల జనం పలచబడ్డాక, నేను ఎదురింటికి వెళ్లాను. గ్రంథాలయానికి కొత్త బెంచీలు వచ్చాయని చెప్పాను. "రేపు సాయంత్రం అటు నడుద్దామా, ఎల్లుండా? ఏదైనా నాకు సరే," అన్నాను. గుమాస్తాగారు రేపే అన్నాడు. గ్రంథాలయం వీధి చివరే. దారిలో ఒక కల్వర్టు ఉంది, దాని గోడ కూర్చోవడానికి వీలుగా ఉంటుంది. నా మోకాళ్లు ఇంకా గట్టివే, ఆగకుండా పోగలను. ఈ సాయంత్రం ఆ గోడ మీద ముందు నేనే కూర్చుంటాను.